పంపేది తొమ్మిది వేల మందికి, బిల్లు పద్నాలుగు వేల మందికి

"మాది పచ్చళ్లు, పిండివంటల ఆన్‌లైన్ షాపు. కస్టమర్లలో సగం మంది అమెరికాలో ఉన్న మనవాళ్లే. మూడేళ్ల క్రితం మెయిల్స్ పంపే సాఫ్ట్‌వేర్‌కి కట్టే బిల్లు పెద్ద లెక్కలోకి వచ్చేది కాదు, ఇప్పుడు నాలుగింతలైంది. కాంటాక్ట్స్ 14 వేలు దాటాయి, పై స్లాబ్‌కి మారమంటోంది. కాని మెయిల్ పంపేటప్పుడు చూస్తే 9 వేల మందికే వెళ్తున్నట్టు చూపిస్తోంది. లిస్టు క్లీన్ చేస్తే బిల్లు తగ్గుతుందంటున్నారు, నిజమేనా? ఎవరిని తీసెయ్యాలో తెలియక భయంగా ఉంది, పొరపాటున కొనేవాళ్లని తీసేస్తే?"

తగ్గుతుందండి. మీ ప్రశ్నలోనే ఒక మంచి క్లూ ఉంది: 14 వేలకి బిల్లు, 9 వేలకి మెయిల్. ఆ మధ్యలో ఉన్న ఐదు వేల మంది ఎవరో ముందు తేల్చుకోండి. చాలామంది క్లీనింగ్ అనగానే "మెయిల్ తెరవనివాళ్లని పీకేద్దాం" అని మొదలుపెడతారు, అది ఆఖర్న చేయాల్సిన పని. మీ మెయిల్ ఒక్కటి కూడా అందుకోకుండానే బిల్లులో కూర్చున్నవాళ్లు వేలల్లో ఉంటే, అందుకుంటున్నవాళ్ల జోలికి ముందే ఎందుకు వెళ్లాలి?

నేను పదేళ్లుగా చిన్న షాపులకి మెయిల్స్ పని చూస్తున్నాను. ఇలాంటి కేసే ఒకటి పోయిన ఏడాది చేశాను, మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక కుటుంబం. వాళ్ల లెక్కలతోనే చెబుతాను, మీది ఎక్కడ కలుస్తుందో మీకే తెలుస్తుంది.

ముందు బిల్లు దేన్ని లెక్కపెడుతుందో చూడాలి. ఇది సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది. మెయిల్‌చింప్‌లో సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లూ, "వద్దు బాబూ" అని అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టి వెళ్లిపోయినవాళ్లూ, అసలు ఎప్పుడూ సబ్‌స్క్రైబ్ చెయ్యకుండా కొనుక్కుని వెళ్లినవాళ్లూ ముగ్గురూ లెక్కలోకి వస్తారు. ఆర్కైవ్ చేసి పక్కన పెట్టినవాళ్లు రారు, మెయిల్ బౌన్స్ అయ్యి, అంటే తిరిగొచ్చి, Cleaned అనే స్థితిలోకి పోయినవాళ్లు కూడా రారు. మెయిలర్‌లైట్ అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లని లెక్కపెట్టదు. క్లావియోలో సప్రెస్ చేసిన, అంటే మెయిల్ వెళ్లకుండా ఆపేసిన ప్రొఫైల్స్ లెక్కలోకి రావు. బ్రెవో అయితే మనుషుల్ని బట్టి కాకుండా పంపిన మెయిల్స్‌ని బట్టి డబ్బు తీసుకుంటుంది. మీరు దేంట్లో ఉన్నారో రాయలేదు గాని, 14కీ 9కీ మధ్య అంత తేడా ఉందంటే మొదటి రకం లెక్కే అయ్యుంటుంది.

చీరల వాళ్లు వాడేది మెయిల్‌చింపే, బిల్లులో 11,860 మంది ఉన్నారు. లిస్టు మొత్తం ఎక్స్‌పోర్ట్ చేశాం. ఎక్స్‌పోర్ట్ కొడితే ఒక జిప్ వస్తుంది, అందులో ఒక్కో స్థితికి ఒక్కో ఫైలు ఉంటుంది, కాబట్టి లెక్క తేలడానికి పెద్ద టైమ్ పట్టలేదు. Subscribed 6,900. Unsubscribed 1,160. Non-subscribed 3,800. ఆ ఇంట్లో షాపు చూసుకునే ఆయన ఆ మూడో అంకె చూసి "వీళ్లెవరండీ, మేం ఎవర్నీ ఎక్కించలేదే" అన్నాడు. నిజమే, ఆయన ఎక్కించలేదు. షాపు సైట్‌కీ మెయిల్ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య ఒక ప్లగిన్ ఉంది, ఎవరు చీర కొన్నా, ఆఫర్లు పంపమని టిక్ పెట్టకపోయినా, వాళ్ల పేరూ ఈమెయిలూ అటు తోసేస్తోంది. మూడేళ్లుగా. వాళ్లకి ఆఫర్ మెయిల్ పంపడానికి లేదు, ఎందుకంటే వాళ్లు ఒప్పుకోలేదు. అయినా నెలనెలా వాళ్ల అద్దె ఈయన కడుతున్నాడు.

మీ ఐదు వేల మందిలో ఎక్కువ భాగం వీళ్లే అయ్యుంటారని నా అనుమానం. పచ్చళ్ల షాపుకి వచ్చేవాళ్లు చెక్అవుట్‌లో ఈమెయిల్ అడిగితే ఇస్తారు, లేకపోతే ఆర్డర్ ముందుకి పోదు కాబట్టి. అంతే.

ఇక్కడ చేయాల్సింది వరుసలో చేయాలి. మొదట ఆ ప్లగిన్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఒప్పుకున్నవాళ్లని మాత్రమే పంపేలా మార్చండి. ఇది చెయ్యకుండా వేలమందిని తీసేశారనుకోండి, కొన్ని నెలలు తిరిగేసరికి మళ్లీ నిండుతుంది. కొళాయి కట్టకుండా నేల తుడిచినట్టే. చీరల వాళ్లు నా దగ్గరికి రావడానికి ముందు ఒకసారి ఎవరెవరో చూడకుండానే లిస్టు తగ్గించి, ఆరు నెలల్లో మళ్లీ అక్కడికే వచ్చారు. తర్వాత చెక్అవుట్ పేజీలో ఒక టిక్ బాక్స్ పెట్టండి, ముందే టిక్ పెట్టి ఉంచకండి, "కొత్త ఆవకాయ వచ్చినప్పుడు మెయిల్ చేయమంటారా" అని మీ మాటల్లోనే అడగండి. అప్పుడు పాతవాళ్లని ఆర్కైవ్ చేయండి.

ఆర్కైవ్ చేస్తే ఆర్డర్ కన్‌ఫర్మేషన్, కొరియర్ ట్రాకింగ్ మెయిల్స్ ఆగిపోతాయేమో అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. అవి సాధారణంగా షాపు సైట్ నుంచే వెళ్తాయి, మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కాదు. మీ దగ్గర ఎలా ఉందో తెలుసుకోవడానికి మీ పాత ఆర్డర్ మెయిల్ ఒకటి తెరిచి, అడుగున అన్‌సబ్‌స్క్రైబ్ లింకూ ఆ సాఫ్ట్‌వేర్ పేరూ ఉన్నాయేమో చూడండి, ఇంకా నమ్మకం కుదరకపోతే మీ సొంత ఈమెయిల్‌ని ఆర్కైవ్ చేసి ఒక చిన్న ఆర్డర్ పెట్టి చూడండి. కాకపోతే ఒక్క మినహాయింపు. బుట్టలో సరుకు వేసుకుని డబ్బు కట్టకుండా వెళ్లినవాళ్లకి గుర్తుచేసే మెయిల్ ఈ సాఫ్ట్‌వేర్ నుంచే పంపుతుంటే, ఆఖరి నెల రోజుల్లో చేరిన Non-subscribed వాళ్లని ఉంచి, అంతకన్నా పాతవాళ్లనే తీయండి.

అన్‌సబ్‌స్క్రైబ్ అయిన 1,160 మంది సంగతి ఇంకా తేలిక, కాని ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. వాళ్లని ఆర్కైవ్ చేసేముందు ఆ ఫైలుని విడిగా దాచిపెట్టుకోండి, పేరు కూడా "వీళ్లకి పంపకూడదు" అని పెట్టండి. రేపు ఎప్పుడో మీరు సాఫ్ట్‌వేర్ మార్చినా, పాత ఆర్డర్ల షీటు ఎక్కించినా, ముందు ఆ ఫైలుతో సరిచూసుకోవాలి. వద్దన్న మనిషికి మళ్లీ మెయిల్ వెళ్తే వాళ్లు ఈసారి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు వెతకరు, నేరుగా స్పామ్ అని కొడతారు.

Archive, Delete permanently రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, రెండిటివల్లా బిల్లులో లెక్క ఒకేలా తగ్గుతుంది. అయినా Archive మాత్రమే వాడండి. మెయిల్‌చింప్‌లో శాశ్వతంగా డిలీట్ చేసిన మనిషిని మీరు మళ్లీ ఇంపోర్ట్ చెయ్యలేరు, వాళ్లే వచ్చి ఫారం నింపుకోవాలి, పాత చరిత్ర కూడా పోతుంది. "నా సమాచారం మొత్తం తీసెయ్యండి" అని ఎవరైనా అడిగినప్పుడు తప్ప ఆ బటన్ జోలికి పోవద్దు.

ఇక డూప్లికేట్లు. ఒకే ఆడియన్స్‌లో, అంటే ఒకే లిస్టులో, ఒకే ఈమెయిల్ రెండుసార్లు ఎక్కదు, అది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. రెండు ఆడియన్స్‌లు ఉంటే మాత్రం ఒకే మనిషిని రెండుసార్లు లెక్కేస్తుంది. చీరల వాళ్లకి పాత న్యూస్‌లెటర్ లిస్టు ఒకటి, షాపు ప్లగిన్ తయారు చేసుకున్న లిస్టు ఒకటి. రెండిటి ఈమెయిల్స్‌నీ గూగుల్ షీట్స్‌లో A, B కాలమ్స్‌లో పెట్టి, C కాలమ్‌లో ఇది వేశాం:

```
=COUNTIF(B:B, TRIM(A2))
```

సున్నా కాకుండా ఏదైనా వస్తే ఆ మనిషి రెండు చోట్లా ఉన్నట్టు. అలా 1,240 వరసలు తేలాయి. ఏ లిస్టులో కొనుగోళ్ల చరిత్ర ఉందో దాన్ని ఉంచి, రెండోదాంట్లోంచి తీసేశాం, తీసేముందు అక్కడున్న ట్యాగులు ఇటు తెచ్చుకున్నాం. ఈ పనిలో ఒక ఇబ్బందికరమైన సంగతి కూడా బయటపడింది. కొంతమంది పాత లిస్టులో ఎప్పుడో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యారు, షాపు లిస్టులో మాత్రం ఇంకా Subscribed అనే ఉన్నారు, కాబట్టి వద్దన్న తర్వాత కూడా మెయిల్స్ వెళ్తూనే ఉన్నాయి. అలాంటి చోట "వద్దు" అన్నదే చెల్లాలి, మనకి నష్టమైనా సరే, రెండు చోట్లనుంచీ తీసేశాం. వాళ్లు కూడా ఆ 1,240లోనే ఉన్నారు.

తర్వాత దొంగ సైన్అప్‌లు. సైట్ అడుగున "మీ ఈమెయిల్ ఇవ్వండి" అని ఒక ఫారం ఉంటుంది చూడండి, దాన్ని ప్రోగ్రాములు వెతికి పట్టుకుని అడ్రసులు నింపేస్తుంటాయి. ఎలా తెలుస్తుందంటే, లిస్టుని చేరిన సమయం ప్రకారం పేర్చండి. మామూలు రోజుల్లో రోజుకి ఇద్దరో ముగ్గురో చేరే ఫారంలో, ఒక రాత్రి రెండింటికి పది నిమిషాల్లో నలభై మంది చేరి ఉంటారు. పేరు కాలమ్‌లో అర్థంలేని అక్షరాలు. జీమెయిల్ అడ్రసులో అక్షరానికో చుక్క. జీమెయిల్ ఆ చుక్కల్ని పట్టించుకోదు, ఎన్ని చుక్కలు పెట్టినా అది ఒకే మెయిల్‌బాక్స్, కాని మన సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఒక్కోటీ ఒక్కో కొత్త మనిషి. జీమెయిల్ అడ్రసుల్ని మాత్రమే విడిగా ఒక కొత్త షీటులో పెట్టుకుని, చుక్కలు తీసేసి చూస్తే తేలిపోతుంది:

```
=SUBSTITUTE(REGEXEXTRACT(LOWER(TRIM(A2)),"^[^@]+"),".","")
```

చీరల వాళ్లకి ఇలాంటివి 420 దొరికాయి. ఏదైనా కొనుగోలు ఉన్న వరసని మాత్రం ముట్టుకోలేదు, చుక్కలతో ఈమెయిల్ రాసుకునే అసలు మనుషులు కూడా ఉంటారు. ఫారంకి క్యాప్చా పెట్టాం, డబుల్ ఆప్ట్-ఇన్ ఆన్ చేశాం, అంటే చేరగానే ఒక మెయిల్ వెళ్తుంది, అందులో లింకు నొక్కితేనే లిస్టులోకి ఎక్కుతారు. దీనివల్ల నిజంగా చేరదామనుకున్నవాళ్లలో కొందరు ఆ లింకు నొక్కక జారిపోతారు, అది ఒప్పుకోవాలి. అందుకని సైట్ అడుగున ఉన్న ఫారంకే ఇది పెట్టాం. డబ్బు కట్టి, టిక్ పెట్టి వచ్చేవాళ్లకి అక్కర్లేదు.

ఇక్కడికి ఎంత తగ్గిందో చూడండి. 3,800, 1,160, 1,240, 420 కలిపితే 6,620. పదకొండు వేల ఎనిమిది వందల్లో సగానికి పైగా పోయింది, ఇష్టంగా మెయిల్ చదివే ఒక్క మనిషిని కూడా మనం ముట్టుకోలేదు. మిగిలింది 5,240.

ఆయనకి అక్కడే ఆపేద్దామనిపించింది. కాని స్లాబులు చూస్తే, మెయిల్‌చింప్‌లో 5,000 తర్వాత వచ్చేది 10,000. అంటే 5,240 మందికి కట్టేది 10,000 స్లాబ్ రేటే. ఆ 240 మంది కోసం పై మెట్టు డబ్బు. క్లీనింగ్‌లో ఎంతమందిని తీశామన్నదానికన్నా ఏ మెట్టు కిందకి దిగామన్నదే ముఖ్యం, మీరు 14 వేల నుంచి 10,500కి తెస్తే కష్టమంతా మీదే, బిల్లులో మాత్రం ఏ తేడా రాదు. అందుకే ఇప్పుడు, ఈ దశలో మాత్రమే, నిద్రపోతున్నవాళ్ల సంగతి చూడాలి.

అందరూ చేసే తప్పు ఇక్కడే. "ఆరు నెలలుగా ఓపెన్ చెయ్యనివాళ్లు" అని ఫిల్టర్ పెట్టి తీసేస్తారు. ఓపెన్ లెక్క ఎలా వస్తుందో తెలిస్తే ఆ పని చెయ్యరు. మెయిల్‌లో కంటికి కనిపించని ఒక చిన్న బొమ్మ ఉంటుంది, అది లోడ్ అయితే "తెరిచారు" అని రాసుకుంటుంది. 2021 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 15తో యాపిల్ తన మెయిల్ యాప్‌లో ఒక ప్రైవసీ సదుపాయం తెచ్చింది, అది ఆన్‌లో ఉంటే మనిషి చూసినా చూడకపోయినా ఆ బొమ్మల్ని ముందే యాపిల్ సర్వర్లు లోడ్ చేసుకుంటాయి. మీ అమెరికా కస్టమర్లలో ఐఫోన్ వాడేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. వాళ్లలో రెండేళ్లుగా మీ మెయిల్ చూడనివాళ్లు కూడా ప్రతి మెయిలూ తెరుస్తున్నట్టు కనిపిస్తారు. ఇటు ఆఫీసు కంప్యూటర్లో బొమ్మలు ఆపేసుకుని శ్రద్ధగా చదివే మనిషేమో అసలు తెరవనట్టు కనిపిస్తాడు.

కాబట్టి చూడాల్సినవి రెండే: లింకు నొక్కారా, కొన్నారా. క్లిక్కుల్లో కూడా కొన్ని దొంగవి ఉంటాయి. కొన్ని కంపెనీల మెయిల్ సర్వర్లు వైరస్ కోసం లింకులన్నీ నొక్కి చూస్తాయి, మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే పైనుంచి కిందదాకా ఉన్న ప్రతి లింకూ, అన్‌సబ్‌స్క్రైబ్ లింకుతో సహా నొక్కినట్టు ఉంటే అది మనిషి కాదు.

ఎంతకాలం వెనక్కి చూడాలి? ఇక్కడ పుస్తకాల్లో రాసే 90 రోజులు, 180 రోజులు మన వ్యాపారాలకి పనికిరావు. చీరల షాపులో డాలస్‌లో ఉండే ఒకావిడ ఉంది, ఏటా దసరా ముందు ఒకేసారి ఐదారు చీరలు తెప్పించుకుంటుంది, మిగతా పదకొండు నెలలు ఉలుకూ పలుకూ ఉండదు. మెయిల్స్ నొక్కదు కూడా, నేరుగా సైట్‌కే వస్తుంది. "అయితే సంవత్సరం పెడదాం, సరిపోతుంది కదా" అన్నాడాయన. సరిపోదు. పండుగలు మన తిథుల ప్రకారం వస్తాయి, సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ 365 రోజులు లెక్కపెడుతుంది. 2025లో విజయదశమి అక్టోబర్ 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల అక్టోబర్ 20కి జరిగింది. 2025లో సెప్టెంబర్ మొదట్లో ఆర్డర్ పెట్టిన మనిషి, 2026 సెప్టెంబర్ ఆఖర్న పన్నెండు నెలల ఫిల్టర్ వేస్తే నిద్రపోతున్నట్టే తేలుతుంది, సరిగ్గా ఆమె మళ్లీ కొనబోయే వారాల్లో మీరు ఆమెని ఆర్కైవ్ చేస్తారు. అందుకని మేం పద్నాలుగు నెలలు పెట్టాం. మీకైతే ఆవకాయ సీజన్ ఉంది, ఏటా మేలోనో జూన్‌లోనో ఒక్కసారే కొత్త ఆవకాయ తెప్పించుకునేవాళ్లు ఖచ్చితంగా ఉంటారు, మామిడికాయ ఒక ఏడాది ముందూ ఒక ఏడాది వెనకా వస్తుంది కదా, మీరూ పద్నాలుగు నెలలకి తగ్గొద్దు. పైగా సీజన్ అయిపోయాక, జూలైలోనో ఆగస్టులోనో చేయండి, ముందు కాదు.

పద్నాలుగు నెలల్లో క్లిక్కూ కొనుగోలూ రెండూ లేనివాళ్లు, ఆ పద్నాలుగు నెలలూ లిస్టులోనే ఉన్నవాళ్లు (మొన్న చేరినవాళ్లని ఇందులో కలపకండి, నేను మొదటిసారి కలిపేశాను), మొత్తం 1,830 మంది తేలారు. వాళ్లని వెంటనే తియ్యలేదు, ఒక మెయిల్ పంపాం. సబ్జెక్టు "ఇంకా పంపమంటారా?" అని అంతే. లోపల రెండు లైన్లు, ఒక్క బటన్: "పంపుతూ ఉండండి". కూపన్ పెట్టలేదు. కూపన్ పెడితే చీర మీద ఆసక్తి ఉన్నవాళ్లెవరో, డిస్కౌంట్ కోసం నొక్కినవాళ్లెవరో తెలియదు. పది రోజుల తర్వాత నొక్కనివాళ్లకి ఇంకొకటి.

దీన్ని 1,830 మందికీ ఒకేసారి పంపకండి. పాత అడ్రసుల్లో కొన్ని చచ్చిపోయి ఉండొచ్చు. గూగుల్ రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత అకౌంట్లని 2023 డిసెంబర్ నుంచి తీసెయ్యడం మొదలుపెట్టింది, అలాంటివాటికి పంపితే మెయిల్ తిరిగొస్తుంది, ఒకే రోజు కుప్పగా తిరిగొస్తే మీ డొమైన్ మీద జీమెయిల్‌కి నమ్మకం తగ్గుతుంది, అప్పుడు మంచి కస్టమర్లకి వెళ్లే మెయిల్స్ కూడా స్పామ్‌లో పడతాయి. మేం రోజుకి మూడు వందలు చొప్పున పంపాం. మొదటి రోజు తిరిగొచ్చినవి నూటికి రెండు దాటితే ఆపేద్దాం అనుకున్నాం, దాటలేదు. స్పామ్ ఫిర్యాదులు గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో చూసుకోవచ్చు, 0.1 శాతం లోపు ఉండాలి, 0.3 శాతానికి ఎప్పుడూ చేరకూడదని గూగులే తన నియమాల్లో పెట్టింది. చిన్న పంపకాలకి అక్కడ అంకెలు కనపడకపోవచ్చు, అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ రిపోర్టులో ఫిర్యాదుల అంకె చూడండి.

రెండు మెయిల్స్‌కీ కలిపి 146 మంది బటన్ నొక్కారు. మిగిలిన 1,684 మందిని ఆర్కైవ్ చేశాం. చేతిలో మిగిలింది 3,556.

ఆ అంకె చూశాక ఆయనకి ఆశ పుట్టింది, ఇంకో వెయ్యి పైచిలుకు తీస్తే 2,500 స్లాబ్‌కి దిగుతాం కదా అని. వద్దన్నాను. ఇప్పుడు మిగిలినవాళ్లంతా పద్నాలుగు నెలల్లో ఒక్కసారైనా నొక్కినవాళ్లో, కొన్నవాళ్లో, కొత్తగా చేరినవాళ్లో. రెండు స్లాబుల మధ్య తేడా నెలకి ఎంతో చూసి, ఒక చీర మీద మిగిలే లాభంతో పోల్చమన్నాను. ఆ వెయ్యిమందిలో నెలకి ఇద్దరు ముగ్గురు కొన్నా ఆ తేడా వచ్చేస్తుంది. మీరూ అదే లెక్క వేసుకోండి, ఒక కిలో గోంగూర మీద మీకు మిగిలేదెంత అని.

అంతా అయ్యాక మొదటి నెల బిల్లు మాత్రం పాతదే వచ్చింది! ఫోన్ చేసి "మీరు చెప్పినట్టే చేశాం, ఏం తగ్గలేదు" అన్నాడు. కాంటాక్ట్స్ తగ్గితే ప్లాన్ దానంతటదే కిందకి దిగిపోతుందనుకున్నాడు. పైకైతే వాళ్లే తీసుకెళ్తారు, కిందకి మాత్రం మనమే వెళ్లి మార్చుకోవాలి, చాలా సాఫ్ట్‌వేర్లలో ఇంతే. బిల్లింగ్ పేజీలోకి వెళ్లి 5,000 స్లాబ్ ఎంచుకుంటే తర్వాతి నెల నుంచి సగానికన్నా తగ్గింది. అందుకని మీ బిల్లు తేదీకి కనీసం వారం ముందే క్లీనింగ్ పూర్తిచేసి, అదే రోజు ప్లాన్ మార్చండి. ఏడాదికి ముందే కట్టేసి ఉంటే, మార్చేముందు మిగిలిన డబ్బు సంగతేంటో వాళ్లని రాతపూర్వకంగా అడగండి.

స్లాబ్ దిగితే నెలకి పంపగలిగే మెయిల్స్ పరిమితి కూడా దిగుతుంది, అది కాంటాక్ట్స్‌కి ఇన్ని రెట్లు అని ఉంటుంది. 3,556 మందికి నెలకి నాలుగు మెయిల్స్ అంటే 14 వేల చిల్లర, సమస్యే లేదు. మీరు సీజన్లో రోజుకొకటి పంపే రకమైతే ముందే చూసుకోండి.

ఈమెయిల్స్ నిజమైనవో కావో చెక్ చేసి పెడతాం అనే సర్వీసులు కూడా ఉంటాయి, అడ్రసుకింత అని తీసుకుంటారు. మొత్తం లిస్టు వాళ్లకి ఇవ్వక్కర్లేదు. మెయిల్ తిరిగొచ్చే అడ్రసులు ఎలాగూ మొదటి పంపకంలోనే తేలిపోతాయి. ఎగ్జిబిషన్ స్టాల్‌లో కాగితం మీద రాయించుకున్నవి, నాలుగేళ్లుగా ఒక్క మెయిల్ కూడా పంపనివి ఉంటే వాటికి మాత్రమే వాడండి. ఆ సర్వీసు "మెయిల్‌బాక్స్ ఉంది" అని మాత్రమే చెప్పగలదు, ఆ మనిషికి మీ కాకరకాయ కారం కావాలో వద్దో చెప్పలేదు. కొన్ని కంపెనీ డొమైన్లు ఏ పేరుతో పంపినా తీసుకుంటాయి, వాటికి "తెలియదు" అనే వస్తుంది, ఆ "తెలియదు" వాళ్లని తీసెయ్యకండి.

మీరు నెలకి ఒక్క మెయిలే పంపుతుంటే, ఇంత చేసినా బిల్లు ఎక్కువనిపిస్తే, అప్పుడు పంపిన మెయిల్స్‌ని బట్టి తీసుకునే సాఫ్ట్‌వేర్‌కి మారడం ఆలోచించండి. కాని చెత్తతో సహా మారకండి. క్లీన్ చేశాకే మారండి, వద్దన్నవాళ్ల ఫైలుని అక్కడ మొట్టమొదట ఎక్కించండి.

ముందు మీరు ఒక్క పని చేసి ఇక్కడ రాయండి: ఎక్స్‌పోర్ట్ కొట్టి, మూడు ఫైళ్లలో ఎన్నెన్ని వరసలున్నాయో చూడండి. Non-subscribed అంకె మూడు వేలు దాటితే ఏ ప్లగిన్ వాడుతున్నారో కూడా చెప్పండి, ఆ సెట్టింగ్ ఎక్కడుంటుందో చెబుతాను.